ఇంటర్వ్యూ అయిన సాయంత్రం

తమ్ముడూ,

ఇంటర్వ్యూ చేసినాయనకి ధన్యవాదాలు చెబుతూ పంపాలని నువ్వు రాసిన మెయిల్ డ్రాఫ్టు, మధ్యాహ్నం నాకు పంపింది, చూశాను. భీమవరం నుంచి అమలాపురం బస్సులో కూర్చుని, చించినాడ వంతెన దాటేలోపే రాసేశానన్నావు. తొందరపడటం మంచిదే. ఇంటర్వ్యూ పన్నెండున్నరకి అయింది కాబట్టి సాయంత్రం ఆరులోపు మెయిల్ వెళ్లిపోవాలి. రేపటికి ఆయన ఇంకో నలుగురితో మాట్లాడి ఉంటారు. ఎవరు ఏమన్నారో కలిసిపోతుంది.

కానీ ఈ డ్రాఫ్టు మాత్రం పంపకు. ఒక్క వాక్యం చూడు: "తెలుగు ఎం.ఏ., రెండేళ్ల రచనానుభవం గల నేను ఈ ఉద్యోగానికి అన్ని విధాలా తగినవాడినని విశ్వసిస్తున్నాను." ఇదంతా నీ బయోడేటాలో ఉంది, పొద్దున ఆయన ముందే చెప్పావు కూడా. మూడోసారి చెబితే ఆయనకి కొత్తగా తెలిసేదేమీ లేదు. నేనూ నీ వయసులో ఒక పత్రికలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి, రెండు పేజీల కృతజ్ఞతా లేఖ పోస్టు చేశాను. తర్వాత ఆ ఆఫీసులో పనిచేసే మిత్రుడు చెప్పాడు, "దరఖాస్తు ఇంకో కాపీ వచ్చిందిరా అన్నారు మా వాళ్లు" అని. సిగ్గుతో చచ్చాను.

మరి ఏం రాయాలి? ఫోన్లో నువ్వే చెప్పావు గుర్తుందా? రొయ్యల రైతులకి అచ్చువేసి పంచే కరపత్రాలు చెరువు గట్టు మీదే పడి ఉంటున్నాయని ఆయన బాధపడ్డారు. నువ్వు "సులభమైన తెలుగులో రాస్తానండి" అన్నావు. ఆ జవాబు ఎవరైనా చెబుతారు. ఆ మాట నిజమని చూపించడానికి పొద్దున టైం లేకపోయింది, ఇప్పుడుంది. ఆయన నీకిచ్చిన కరపత్రంలో ఇలా ఉందన్నావు: "కరిగియున్న ఆక్సిజన్ స్థాయి లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా నిర్వహించవలెను." దాన్నే తిరగరాసి పెట్టు. మెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండి. ఈ రోజు నాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు. కరపత్రాలు గట్టు మీదే ఉండిపోతున్నాయని మీరన్న మాట గురించి దారంతా ఆలోచించాను. ఆక్సిజన్ గురించిన వాక్యాన్ని ఇలా రాసి చూశాను: 'తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలుతున్నాయా? నీళ్లలో ఆక్సిజన్, అదే డీఓ, పడిపోయింది. ముందు ఏరియేటర్లన్నీ వెయ్యండి. రొయ్య కోలుకునేదాకా మేత ఆపండి.' 4 మిల్లీగ్రాముల లెక్క దీని కింద చిన్న అక్షరాల్లో ఉంచవచ్చు. సాంకేతిక విషయం మీ ల్యాబ్ వాళ్లు సరిచూడాలి. ఇలాంటి పనే రోజూ చేయాలని నా కోరిక."

అంతే. "నేను తగినవాణ్ణి" అన్న మాట ఎక్కడా లేదు. అది ఆయనే అనుకుంటారు. "ల్యాబ్ వాళ్లు సరిచూడాలి" అన్నది వినయం కోసం పెట్టింది కాదు. మేత గురించి తప్పు సలహా వెళితే రైతు నష్టపోతాడు, ఆ సంగతి నీకు తెలుసని ఆయనకి తెలియాలి. వాక్యాలు అచ్చంగా నావే దించకు, నీ పద్ధతిలో మార్చుకో. నువ్వు మీ పెదనాన్న చెరువు దగ్గర పెరిగినవాడివి, నాకంటే బాగా రాస్తావు.

ఇంటర్వ్యూలో కూర్చున్న రెండో ఆయన, ల్యాబ్ నుంచి వచ్చినాయన, ఆయనకి విడిగా రాయి. అదే మెయిల్ పేరు మార్చి పంపావనుకో, ఇద్దరూ పక్కపక్క గదుల్లోనే కూర్చుంటారు. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వ్యాధి గురించి ఆయన అడిగితే తడబడ్డానన్నావుగా. అది వైరస్ వల్ల వస్తుందనీ, మందు లేదు కాబట్టి పరీక్ష చేసిన రొయ్య పిల్ల వేసుకోవడం లాంటి ముందు జాగ్రత్తలే దారి అనీ ఒక్క వాక్యంలో పూర్తి చెయ్యి. టెన్షన్‌లో చెప్పలేకపోయానంటూ సంజాయిషీ వద్దు.

జీతం సంగతి, ఫలితం ఎప్పుడన్న ప్రశ్న ఇందులో వద్దు. ఇంకో మాట, "అండి" మన గోదావరి వాళ్ల నోట ఎంత వచ్చినా అందమే గానీ, మెయిల్లో ఒకసారి చాలు. ఈ మెయిల్ వల్లే ఉద్యోగం వస్తుందని నేననను. ఇంటర్వ్యూ చెడితే ఇది దాన్ని నిలబెట్టదు. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు పనికొస్తుంది. సర్వీస్ కమిషన్ ఇంటర్వ్యూలకి మాత్రం ఈ పని అసలు చెయ్యకు. అక్కడ బోర్డు సభ్యులకి రాయడం సిఫారసు కిందికి వస్తుంది, అనర్హత వేటు పడుతుంది.

పంపే ముందు విజిటింగ్ కార్డు తీసి పేరు, ఇంటిపేరు ఒకసారి చూసుకో. భీమవరం ఆఫీసులో "రాజు గారికి" అని రాస్తే నలుగురు తలెత్తుతారు.

మీ అన్నయ్య,
పాలకొల్లు