ఎదురింటి మలయాళీలకు ఓణం శుభాకాంక్షలు చెప్పాలంటే

"ఎదురు ఫ్లాట్‌లో మలయాళీ కుటుంబం ఉందండీ. ఉగాదికి మేం పులిహోర ఇస్తే, మర్నాడు అదే డబ్బాలో అరటికాయ చిప్స్ పోసి పంపారు. ఇప్పుడు ఓణం వస్తోంది. వెళ్లి ఏమనాలి, ఏం పట్టుకెళ్లాలి? తెలియక ఏదైనా తప్పు మాట్లాడతామేమోనని టెన్షన్‌గా ఉంది." ఈమధ్యే దేశం దాటి వచ్చిన ఒక జంట పోయిన వారం నన్ను అడిగిన సంగతి ఇది. తప్పు మాట్లాడటంలో నాకు అనుభవం ఉంది కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

వచ్చిన మొదటి ఏడాది, మా పక్కింటి చేచ్చికి పొద్దున్నే ఫోన్‌లో ఒక బొమ్మ పంపాను. చేచ్చి అంటే అక్క. వామనుడు ఒక కాలు ఆకాశానికెత్తి, ఇంకో కాలు బలి చక్రవర్తి నెత్తిన మోపిన బొమ్మ, కింద వామన జయంతి శుభాకాంక్షలు. ఓణం అంటే వామనావతారం పండగే కదా అని నా ధీమా. "థాంక్యూ" అని ఒక్క ముక్క వచ్చింది. సాయంత్రం లిఫ్ట్‌లో కనబడి నవ్వుతూనే అంది, "మా రాజుగారు ఏడాదికోసారి ఇంటికొచ్చే రోజున, ఆయన్ని తొక్కేసిన ఫొటో పంపావేంటమ్మా?"

చిన్నప్పుడు మనం నేర్చిన పద్యాలన్నీ వామనుడి వైపు నుంచి చెప్పినవి. ఆ వటువు ఎంతెంత పెరిగాడా అని మనం నోరెళ్లబెట్టి వింటాం, బలి మనకు తలవంచిన దాత. కేరళలో ఈ కథను బలి ఇంటి వాకిట్లో నిలబడి చెప్పుకుంటారు. ఆయన వాళ్లకు మావేలి. ఆయన ఏలినప్పుడు మోసం లేదు, దొంగ కొలతలు లేవు, అందరూ ఒక్కటిగా బతికారు. పాతాళానికి వెళ్లేముందు ఏడాదికోసారి వచ్చి నా జనాన్ని చూసుకుంటానని అడిగి ఒప్పించుకున్నాడు. ఆ రావడమే ఓణం. అందుకే ఓణం బొమ్మల్లో బొజ్జ, మీసాలు, తాటాకు గొడుగుతో నవ్వుతూ వచ్చే రాజు ఉంటాడు. వాళ్లు వామనుణ్ని తక్కువ చేస్తారని దీనర్థం కాదు. కొచ్చి దగ్గర తృక్కాకరలో ఉన్నది వామనుడి గుడే, ఓణానికి అక్కడ పెద్ద ఉత్సవం జరుగుతుంది. కానీ పక్కింటివాళ్లను పలకరించేటప్పుడు మాత్రం ఇంటికి వస్తున్న అతిథి ఎవరో తెలిసి పలకరించాలి. "మావేలి వచ్చేశాడా?" అని గుమ్మంలో అడిగి చూడండి, వాళ్ల మొహం ఎలా వెలుగుతుందో.

ఇక మాట. మనం చాలామందిమి "ఓనం" అంటాం, అలాగే రాస్తాం. అది ఓణం, అణా లోని ణ. మన లిపిలో ఆ అక్షరం ఉండగా వదిలేయడం దేనికి? పండగ మాట "ఓణాశంసకళ్", చివర పొల్లు ళ్. మనకు తెలిసిన ఆశంస అన్న మాటే బహువచనంలో. నోరు తిరక్కపోతే "హ్యాపీ ఓణం" చాలు, వాళ్లలో వాళ్లూ అదే చెప్పుకుంటారు. వయసులో పెద్దవాళ్లయితే మగవాళ్లను చేట్టా అని, ఆడవాళ్లను చేచ్చీ అని పిలవొచ్చు. మల్లు అన్న మాట మాత్రం, వాళ్లు తమలో తాము సరదాగా వాడుకున్నా, మన నోట వద్దు. మనల్ని ఎవరైనా గుల్టీ అంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. పక్కింటాయన పేరు జోసెఫ్ అనో, రషీద్ అనో ఉంటే "మీరు కూడా ఓణం చేస్తారా?" అని ఆశ్చర్యపోకండి. కేరళలో అది అన్ని మతాల వాళ్లదీ, రాష్ట్ర పండగ. పలకరింపు అందరికీ ఒకటే.

ఏ రోజు చెప్పాలన్నది అన్నిటికంటే ఎక్కువ గందరగోళం. మన పండగలు చాలావరకు తిథిని బట్టి వస్తాయి, ఓణం నక్షత్రాన్ని బట్టి వస్తుంది. వాళ్ల చింగం నెల, అంటే సూర్యుడు సింహరాశిలో ఉండే నెల, ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉంటుంది. ఆ నెలలో శ్రవణా నక్షత్రం వచ్చే రోజు తిరువోణం. తిరుమలలోని తిరు ఇందులోనూ ఉంది. అందుకే తేదీ ఏటా మారుతుంది: 2023లో ఆగస్టు 29, 2024లో సెప్టెంబరు 15, 2025లో సెప్టెంబరు 5. అంతకు ముందు హస్తా నక్షత్రం రోజున, వాళ్లు అత్తం అంటారు, వాకిట్లో పూలు వేయడం మొదలవుతుంది. అక్కణ్నుంచి లెక్కిస్తే తిరువోణం పదో రోజు. మీరు చెప్పాల్సింది ఆ పదో రోజున. ముందురోజు ఉత్రాడం. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లకండి. కూరగాయల కోసం, అరటాకుల కోసం జనం పరుగులు తీసే రోజు అది. ఆ హడావుడికి ఉత్రాడప్పాచ్చిల్ అని పేరే ఉంది. ఆ పరుగు మధ్యలో మీరొచ్చి సోఫాలో కూర్చుంటే టీ పెట్టలేక, పొమ్మనలేక చస్తారు.

బయటి దేశాల్లో ఇంకో తికమక ఉంది. మలయాళీ సంఘాలవాళ్లు హాలు దొరికిన శనాదివారాల్లో ఓణం చేస్తారు, తిరువోణం అయిపోయిన చాలా రోజుల తర్వాత కూడా. అక్కడ ఎదురుపడినా హ్యాపీ ఓణం అనొచ్చు, "బిలేటెడ్" అని తగిలించాల్సిన పని లేదు. కానీ ఇంటి పండగ మాత్రం ఆ నక్షత్రం రోజునే.

ఏం పట్టుకెళ్లాలి? నన్నడిగితే పూలు. అదీ బొకే కాదు, విడిపూలు, అదీ తిరువోణానికి ముందే. పదిరోజుల పూక్కళానికి, అంటే ఆ పూలముగ్గుకి, ఇక్కడ పూలు దొరకడం కష్టం. పసుపు బంతిపూలు ఒక సంచీడు తెచ్చి గుమ్మంలో ఇచ్చి, రెండు నిమిషాలు మాట్లాడి వచ్చేయండి. వాళ్లు అన్నిటికంటే ఇష్టపడే ఓణం పువ్వు తుంబ. ఏమిటా అని చూస్తే మన తుమ్మి, తెలంగాణలో వినాయక చవితికి కూర వండుకుంటామే, ఆ మొక్క పూసే బుల్లి తెల్లపువ్వే. అది ఇక్కడ దొరకదులెండి, కానీ ఆ మాట చెబితే పది నిమిషాల కబుర్లకు సరిపోతుంది. ముగ్గుపిండి డబ్బా మాత్రం పట్టుకెళ్లకండి, ఇళ్లలో ఆ ముగ్గు పూలరేకులతోనే వేస్తారు. పిల్లలు దాని మీద నుంచి దూకకుండా చెయ్యి పట్టుకోండి.

గుమ్మం ముందు పూలే లేకపోతే ఒక్క క్షణం ఆగండి. పని ఒత్తిడితో వేయకపోయి ఉండొచ్చు. కానీ ఆ ఏడాదిలో ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే చాలా హిందూ కుటుంబాలు ఓణం చేసుకోవు, మన ఏటి సూతకంలాగే. అనుమానంగా ఉంటే బెల్ కొట్టి హ్యాపీ ఓణం అనకుండా, "ఈ ఏడు ఇక్కడే ఉంటున్నారా, ఊరెళ్తున్నారా?" అని అడగండి. విషయం వాళ్లే చెబుతారు. ఊరి కష్టమూ అంతే. 2018 ఆగస్టు వరదలప్పుడు ఓణం ఆ నెల 25న వచ్చింది, ప్రభుత్వం వేడుకలే మానేసింది. ఆ ఏడు మేం శుభాకాంక్షల మాటెత్తలేదు, "ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని మాత్రమే అడిగాం.

సద్యకు, అంటే ఓణం భోజనానికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ఉదయం నుంచి ఆకలి దాచుకుని వెళ్లండి. ఆకు కొస మీ ఎడమ చేతివైపు ఉండేలా వేస్తారు. చిప్స్, బెల్లం పట్టించిన అరటి ముక్కలు, ఊరగాయలు, కూరలు ఆకు పైసగంలో ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. అన్నం కిందిసగంలో. చాలా ఇళ్లలో లావుపాటి ఎర్రబియ్యపు అన్నమే వడ్డిస్తారు. "సన్నన్నం లేదా?" అని మా తోడల్లుడు అడిగినట్టు మీరు అడగకండి.

మన నాలుకకు అసలు ఉచ్చు పేర్లలో ఉంది. "పచ్చడి" అని వడ్డిస్తే మనవాళ్లు కాస్త వేసుకుని, కారం తగులుతుందని సిద్ధపడతారు. వాళ్ల పచ్చడి పెరుగు, కొబ్బరి వేసిన కమ్మటి పదార్థం, పైనాపిల్‌తో చేస్తే తియ్యగా కూడా ఉంటుంది. "కిచ్చడి" అంటే పప్పు, బియ్యం కలిపి వండింది అనుకుంటారు. అదీ పెరుగుదే, ఎక్కువగా దోసకాయతో. మన అల్లప్పచ్చడికి దగ్గరి చుట్టం కావాలంటే ఇంజి కర్రి కోసం చూడండి, అల్లం, చింతపండు, బెల్లంతో చేస్తారు. అది తిన్నప్పుడు "మా ఇంట్లోనూ ఇలాంటిది చేస్తాం" అంటే వంట చేసినావిడకు నిజంగా సంతోషం.

తినే వరసలోనూ మనం ఒకచోట తప్పటడుగు వేస్తాం. ముందు పప్పు, నెయ్యి, అప్పడం నలిపి అన్నంలో కలుపుకుంటారు, తర్వాత సాంబారు. ఆపైన పాయసం వస్తుంది. పాయసం రాగానే భోజనం అయిపోయిందనుకుని నేను ఆకు మడిచేశాను. చాలా ఇళ్లలో దాని తర్వాత మళ్లీ అన్నం, రసమో మజ్జిగో ఉంటాయి. వడ్డించడానికి మజ్జిగ గిన్నెతో వచ్చిన పెద్దాయన మడిచిన నా ఆకును చూసి అలా నిలబడిపోయారు. మీరు మాత్రం పక్కన కూర్చున్న మలయాళీ పెద్దవాళ్లు మడిచేదాకా ఆగండి. మడిచేది ఆకు పైసగాన్ని మీ వైపుకు. తిరువనంతపురం వాళ్లయితే పాయసంతో పాటు బోళి వడ్డిస్తారు, పాయసంలో నంజుకు తినమంటారు. చూడగానే మన బొబ్బట్టు గుర్తొస్తుంది. అన్నీ కొంచెం కొంచెం వేయించుకోండి, ఎందుకంటే ప్రథమన్ అనే ఆ బెల్లం, కొబ్బరిపాల పాయసం రెండోసారి వడ్డిస్తుంటే వద్దనడం ఎవరి వల్లా కాదు.

వాళ్ల డబ్బా మీ దగ్గర ఉండిపోతే మన పద్ధతే, ఖాళీగా తిరిగివ్వద్దు. దీపావళి దాకా ఆగనక్కర్లేదు, అది కేరళలో మన ఇళ్లల్లోలా అంత పెద్ద పండగ కూడా కాదు. వాళ్ల తర్వాతి పెద్ద రోజు విషు, ఏప్రిల్ 14నో 15నో. ఆ ఉదయం కొన్నపూల కోసం వాళ్లు తెగ వెతుకుతారు, మన రేల చెట్టు పువ్వే అది.