డాక్టర్ సలహా: నూరు శాతం కాటన్ అని ఉన్నా పాప మెడ ఎందుకు కందింది?

ప్రశ్న: మా పాపకు 12 రోజులు. కానుకగా వచ్చిన ముదురు ఎరుపు గౌను తొడిగిన మర్నాటికి మెడ చుట్టూ, చంకల్లో ఎర్రగా కందింది. చీటీ మీద ‘నూరు శాతం కాటన్’ అని ఉంది, చేతికి వెన్నలా మెత్తగా తగిలింది. ఉతికితే కొత్తదనం పోతుందని ఉతకకుండానే తొడిగాం. తప్పు బట్టదా, మాదా? ఇంకా తొడగని కొత్త బట్టలు చాలా ఉన్నాయి, వాటిని ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ గౌను తీసి పక్కన పెట్టండి. కందిన చోట గోరువెచ్చని నీటితో తడిపి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దండి. పౌడర్, మందులు ఏవీ వద్దు. కారణం బట్టే అయితే ఒకటి రెండు రోజుల్లో ఎరుపు తగ్గుముఖం పడుతుంది.

బట్టే కారణమా అన్నది ఎరుపు ఎక్కడ ఉందో చూస్తే చాలావరకు తెలుస్తుంది. మెడపట్టీ, చంక కుట్లు ఒరుసుకునే చోట మాత్రమే ఉండి, న్యాపీ కింద చర్మం శుభ్రంగా ఉంటే అనుమానం గౌను మీదికే పోతుంది. పుట్టిన మొదటి రెండు వారాల్లో చాలామంది పిల్లలకు వచ్చే మామూలు దద్దు ఇలా ఉండదు. అది ఈ పూట ఛాతీ మీద కనిపించి, మరో పూట వీపు మీద తేలుతుంది. ఎర్రని మచ్చ నడుమ చిన్న పసుపు తెలుపు చుక్క ఉంటుంది, దానంతటదే పోతుంది. చీము పొక్కులు, నీటి బొబ్బలు లేస్తే, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే, పాలు తాగడం తగ్గితే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక చీటీ సంగతి. ‘నూరు శాతం కాటన్’ అంటే నూలు పత్తిది అని మాత్రమే అర్థం. ఆ నూలు మీద ఏమేమి వేశారో చీటీ చెప్పదు. మరమగ్గం మీద నూలు తెగకుండా గంజి పెడతారు, తర్వాత బ్లీచింగ్, అద్దకం, చివర ఫినిషింగ్. చేతికి తగిలిన ఆ వెన్నలాంటి మెత్తదనం చాలాసార్లు పత్తిది కాదు, ఆఖర్న పూసిన సిలికాన్ లాంటి మెత్తబరిచే రసాయనానిది. కొన్ని ఉతుకులకు అది తగ్గిపోయి అసలు గుడ్డ బయటపడుతుంది. అందుకే మెత్తదనం గురించి తీర్పు ఉతికిన తర్వాతే చెప్పాలి. అదీ అరచేతితో కాదు, అరచేతి చర్మం మందం. గౌను తిరగేసి లోపలి వైపును మీ పెదవికో, మణికట్టు లోపలి వైపుకో రాసి చూడండి. గుడ్డ బాగానే ఉండి, మెడ దగ్గర నైలాన్ దారపు కుట్టు గుచ్చుకోవడం తరచుగా కనిపిస్తుంది. మెడ వెనక చీటీని కత్తిరిస్తే మిగిలిన మొదలు ఇంకా గట్టిగా పొడుస్తుంది. కుట్టు విప్పి మొత్తంగా తీసేయండి.

రంగు విషయానికొస్తే, ముదురు ఎరుపు, నలుపు, నేవీ బ్లూ బట్టలకు ఎక్కువ రంగు పట్టించాలి. కాటన్‌కు సాధారణంగా వాడే రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికంగా ముడిపడతాయి. పట్టుకోకుండా మిగిలిపోయిన రంగును మిల్లులోనే కడిగేయాలి. ఆ కడుగుడు సరిగా లేకపోతే అది గుడ్డ మీదే ఉండి చెమటకు, చొంగకు దిగుతుంది. పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగుల తీరు వేరు. అవి నూలుతో ముడిపడవు, దానిలో కరిగి ఉంటాయి. బట్టల రంగుల వల్ల వచ్చే అలర్జీల్లో ఎక్కువ భాగం వీటి ఖాతాలోనే, ముఖ్యంగా కొన్ని ముదురు నీలం రంగుల ఖాతాలో పడుతుంది. అయితే మీ పాపది అలర్జీ అని ముద్ర వేయకండి. అలర్జీ రావాలంటే ఒంటికి ఆ పదార్థంతో ముందే పరిచయం ఉండాలి. 12 రోజుల బిడ్డలో అది చాలా అరుదు. ఇది ఒరిపిడి, చెమట, గుడ్డ మీద మిగిలిన రసాయనం కలిసి చేసిన మంట. పెద్దల చర్మంతో పోలిస్తే పసిచర్మం పై పొర పలచన, చర్మానికి రక్షణగా ఉండే ఆమ్ల గుణం కూడా పుట్టిన తర్వాత కొన్ని వారాలకు గానీ కుదురుకోదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రంగు కాదు, ‘ముడతలు పడదు’, ‘ఇస్త్రీ అక్కర్లేదు’ అనే బట్ట. ఆ గుణం చాలావరకు చర్మానికి మంట పుట్టించే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో చేసిన రెజిన్, అంటే నూలుకు పట్టించే జిగురులాంటి పదార్థం వల్ల వస్తుంది. విడిగా మిగిలిన ఫార్మాల్డిహైడ్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి ఉతికితే చాలావరకు పోతుంది. కానీ రెజిన్ తడికి, వేడికి మెల్లగా మళ్లీ కొంత వదులుతూనే ఉంటుంది. పసివాళ్ల బట్టకు ముడతలు పడితే వచ్చే నష్టమేమీ లేదు గనుక అలాంటివి కొనకపోవడమే మేలు. ప్యాకెట్ విప్పగానే ముక్కుకు ఘాటుగా గానీ, చేపల వాసనలా గానీ తగిలితే అనుమానించండి. గుడ్డలో హానికర రసాయనాలు ఉన్నాయేమో పరీక్షించి ఇచ్చే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ముద్ర ఉంటే దానిలో క్లాస్ 1 అని ఉందో లేదో చూడండి, పసిపిల్లలకు వర్తించేది అదే. ఆ తరగతిలో ఫార్మాల్డిహైడ్ కిలో గుడ్డకు 16 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. పెద్దవాళ్ల ఒంటికి తగిలే బట్టల్లో 75 దాకా ఒప్పుకుంటారు.

మిగతా కొత్త బట్టలకు మొదటి ఉతుకు ఎలాగో మీ ఎర్ర గౌనుతోనే మొదలుపెట్టి చూడండి. ముందు తెల్ల గుడ్డ ముక్క తడిపి, గౌను లోపలి వైపు పదిసార్లు రుద్దండి. తెలుపు మీద ఎరుపు అంటితే మిగులు రంగు ఉన్నట్టే. గౌను తిరగేసి, విడిగా ఒక బకెట్ మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే పారబోసి, కొత్త నీళ్లలో ఇంకో రెండుసార్లు కొన్ని గంటల చొప్పున నానబెట్టండి. మూడోసారి కూడా రంగు దిగుతూ ఉంటే ఆ గౌనును ఈ పాపకు తొడగవద్దు. నీళ్లు తేటగా ఉంటేనే సువాసన లేని డిటర్జెంట్ కొద్దిగా వేసి, 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉతకండి.

జాడించడంలోనే చాలామంది తొందరపడతారు. సబ్బు మిగిలిపోతే అదీ మంట పుట్టిస్తుంది. ఆఖరి జాడింపు తర్వాత గుడ్డ పిండగా వచ్చిన నీళ్లు గ్లాసులో పట్టి గట్టిగా కుదిపి చూడండి. నురుగు పేరుకుని నిలిచి ఉంటే ఇంకోసారి జాడించాలి. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వద్దు, అది సువాసనతో పాటు ఒక పూతను గుడ్డ మీద వదిలి చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. యాంటీసెప్టిక్ ద్రవం కూడా వద్దు. బాగా ఆరబెట్టి, తెల్ల గుడ్డతో మళ్లీ రుద్ది, రంగు అంటకపోతే పాప చర్మం పూర్తిగా మామూలయ్యాక ఒక గంట తొడిగి చూడండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. కొత్త బట్టలు పక్కన పెడితే, చాలామంది పెద్ద బిడ్డవి దాచినవి తీస్తారు. పదేపదే ఉతికిన పాత కాటన్ నిజానికి మంచిదే. కానీ వాటిని నాఫ్తలీన్ ఉండలతో పాటు దాచి ఉంటే పాపకు తొడగకండి, దుప్పటిగానూ కప్పకండి. జి6పిడి అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు తెప్పిస్తుంది. ఇప్పటికే అలాంటి బట్ట వాడి ఉండి, పాప కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఏ ఉండల మధ్య దాచిన బట్టో డాక్టరుకు చెప్పడం మరవకండి.