కాన్వాసు తడపనిదే కత్తెర పట్టవద్దు

చిరంజీవి సుభాషిణికి, కావలి నుంచి మామయ్య ఆశీస్సులు.

మీ తమ్ముడి రిసెప్షన్ కోటును నీవే కుడుతున్నావని, అదీ జిగురుతో అతికే ఫ్యూజింగు వేయకుండా లోపలి పొరగా నిండు కాన్వాసుతో, ఛాతీ మీద మడతపడే లాపెళ్లకు చేతి కుట్ల ప్యాడింగుతో కుడతానని పట్టుబట్టావని అక్కయ్య ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత కోటు ముట్టుకునేవాళ్లే లేరనుకుంటున్న నాకు ఆ మాట వినగానే ఎంత సంతోషమైందో, ముహూర్తం మార్గశిరంలో అని తెలిసేసరికి అంత గుబులు పుట్టింది. మార్గశిరంలో పెళ్లంటే నీవు బట్ట కోసేది కార్తీకంలో, అంటే మన జిల్లాల్లో ముసురు పట్టే రోజుల్లో. నా భయమంతా ఆ తేమ గురించే కనుక ఈ ఉత్తరంలో మిగతావన్నీ తొందరగా దాటేసి, తడితో ముడిపడిన సంగతులే సాగదీసి చెబుతాను. విసుక్కోకుండా చదువు.

కొలతలు, డ్రాఫ్టు, కచ్చా కుట్టు, ట్రయలు నీకు వచ్చినవే. వాటి జోలికి నేను పోను. బట్ట కొనేటప్పుడు మాత్రం దుకాణదారుడి మాట పట్టుకోకుండా అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలింది వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టరు అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. టెరీవూలులో రెండూ కలిసి ఉంటాయి. పాలియెస్టరు పాలు ఎక్కువయ్యేకొద్దీ ఆవిరితో బట్టను మలచడం కష్టమవుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా నిగనిగ మచ్చలు పడతాయి తప్ప వంపు నిలవదు. నీవు చేయదలచుకున్న పనికి ఉన్నే కావాలి, ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

నీకు కుట్టు కోర్సులో నేర్పిన ఫ్యూజింగులో జిగురు రెండు పొరలను ఒకటిగా అతికించి పారేస్తుంది. కాన్వాసు కోటులో ఏదీ దేనికీ అతుక్కోదు, పొరలు దారం మీద వేలాడుతూ వేటికవి కదులుతాయి. లాపెల్‌లో ఛాతీకి తగిలే వైపున కోటు బట్ట ఉంటుంది, దాని మీద కాన్వాసు, ఆ పైన నలుగురికీ కనిపించే ఫేసింగు. లాపెల్ మడత తిరిగినప్పుడు లోపలున్న బట్ట కంటే కాన్వాసు ఎక్కువ దూరం తిరగాలి, కాన్వాసు కంటే ఫేసింగు ఇంకొంచెం ఎక్కువ దూరం తిరగాలి. ఆ కొద్దిపాటి తేడా ఉన్నంతవరకే లాపెల్ ఛాతీ మీద ఒదిగి ఉంటుంది. మధ్యలోని కాన్వాసు ఏ కారణం చేతనైనా పొట్టి అయితే ఏమవుతుందో నేను నెల్లూరులో పని నేర్చుకునే రోజుల్లో కళ్లారా చూశాను.

ఆ దుకాణానికి వకీళ్ల నల్ల కోట్లు ఎక్కువగా వచ్చేవి. మాకంటే ఎంతో పెద్దవాడైన పనివాడొకడు, చేతి పనిలో అతనికి సాటి లేదు, పని ఒత్తిడిలో తానులోంచి కోసిన కాన్వాసును తడపకుండానే ఒక వకీలు గారి కోటుకు వేశాడు. ట్రయల్ నాడు లాపెళ్లు చూడముచ్చటగా కూర్చున్నాయి. తర్వాత వానల్లో ఆయన ఒకరోజు కోర్టుకు వెళుతూ బాగా తడిసి, కోటును ఇంట్లో దండెం మీద ఆరేసుకున్నారు. ఆరేసరికి రెండు లాపెళ్ల మొనలూ ఎండిన తమలపాకు అంచుల్లా పైకి లేచాయి. బట్ట ముందే కుదించినది కాబట్టి అది కదలలేదు, లోపలి కాన్వాసు మాత్రం ముడుచుకుంది.

అసలు తప్పు అక్కడితో ఆగిపోలేదు. కోటు తిరిగి వచ్చాక ఆ పనివాడు లోపం ఒప్పుకోలేక ఆవిరి పట్టి బలంగా అణిచాడు. మొనలు ఆ పూటకు పడుకుని, మర్నాటికి మళ్లీ లేచాయి. ఇంకా కోపంగా, ఈసారి పైన గుడ్డ కూడా లేకుండా, మడతను కత్తివాదరలా నొక్కాడు. నల్ల బట్ట మీద ఇస్త్రీ పెట్టె మూతి ఆకారంలో మెరుపు పడింది, మొనలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. చివరికి యజమాని ఫేసింగు విప్పించి ప్యాడింగు ఊడదీసే పని నా చేతిలో పెట్టాడు. సూది మొనతో ఒక్కొక్క కుట్టే లేపుతుంటే, కుట్టుకూ కుట్టుకూ మధ్య కోటు బట్ట వదులై చిన్న చిన్న బుగ్గల్లా ఉబ్బి ఉండడం కనిపించింది. కాన్వాసు తగ్గింది, బట్ట తగ్గలేదు, మిగిలిన బట్టకు పోయే దారి లేదు. ఆవిరి బట్టను మెత్తబరుస్తుందే గాని, పొట్టి అయిపోయిన కాన్వాసును సాగదీసి తిరిగి ఇవ్వలేదు. కొత్త కాన్వాసు వేసి, మెరుపు పడిన ఫేసింగు మార్చి ఇచ్చేసరికి ఆ కోటు మీద లాభం మాట దేవుడెరుగు, చేతి డబ్బులు పోయాయి.

కాబట్టి కాన్వాసు ఇంటికి రాగానే దాని మీద పెన్సిలుతో ఒక్కో వైపు 10 అంగుళాలు ఉండేలా చదరం గీయి. వెడల్పాటి తొట్టిలో మామూలు నీళ్లు పోసి, మడతలు లేకుండా రాత్రంతా నానబెట్టు. పిండవద్దు, పిండితే పడే ముడతలు ఆ మేకవెంట్రుకల నేతలో నుంచి ఒక పట్టాన పోవు. నీళ్లు వాటంతట అవే కారిపోనిచ్చి నీడలో పరిచి ఆరబెట్టు, తర్వాత ఇస్త్రీ చేసి ఆ చదరాన్ని మళ్లీ కొలువు. పావు అంగుళం తగ్గిందంటే, తడపకుండా వేసి ఉంటే నీ లాపెల్ పొడవునా ఆ పావు అంగుళమే నీ మీద తిరగబడేదన్నమాట. ఛాతీకి వేసే గుర్రపు వెంట్రుకల గుడ్డనూ, మడత గీత వెంబడి, అంచు వెంబడి వేసే నార టేపునూ కూడా తడిపిన తర్వాతే వాడు. టేపే కదా అని వదిలేయవద్దు, అది ముడుచుకుంటే కోటు ముందు అంచు మొత్తం లోపలికి గుంజుకుంటుంది. ముసురు రోజుల్లో చేతికి ఆరినట్లే తగిలి లోపల తేమ మిగిలే ఉంటుంది, అందుకని ఇంకొక రోజు ఫ్యాను కింద ఉంచిన తర్వాతే కత్తెర తీయి.

మడత గీతకు ఛాతీ వైపున, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు లోపలగా నార టేపు వేసి, అర అంగుళానికి కాస్త తక్కువగా దాన్ని బిగించి కుట్టు. ఆ బిగింపు పొడవునా సమానంగా పరచకుండా మధ్య భాగంలోనే సర్దాలి, మీ తమ్ముడికి ఛాతీ ఎత్తు అక్కడే ఉంటుంది.

ఇక ప్యాడింగు. కాన్వాసు వైపు పైకి వచ్చేలా లాపెల్‌ను ఎడమచేతి చూపుడువేలి మీద వంచి పట్టుకుని, మడత గీత దగ్గర మొదలుపెట్టి అంచు వైపు వరుసలు వేసుకుంటూ పోవాలి. బల్ల మీద చదునుగా పరిచి వేస్తే ఎన్ని కుట్లు వేసినా అది చదునైన లాపెలే అవుతుంది, వంపు పుట్టేది ఆ వేలి మీదే. వరుసకూ వరుసకూ మధ్య అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు చాలు, మొన దగ్గరికి వచ్చేసరికి కుట్టూ వరుసా రెండూ పావు అంగుళానికి దగ్గరపడాలి, ఎందుకంటే ఎక్కువగా ఒదగవలసింది మొనే. సూది కింద బట్టలో ఒక్క పోగునే ఎత్తుకోవాలి. అడుగున పెట్టుకున్న వేలి కొనకు సూది మొన అలా తగిలీ తగలనట్లు తెలియాలి, గుచ్చుకుందంటే లోతు ఎక్కువైనట్లే. దారం లాగి బిగించవద్దు, కాన్వాసు మీద పడుకుంటే చాలు. నాలుగు వరుసలు అయ్యాక తిప్పి చూడు. కింద బట్ట మీద సూదిమొన మోపినంత గుర్తులే ఉంటే సరే, గుంటలు కనిపిస్తే ఆ వరుసలు మొహమాటం లేకుండా విప్పు. పూర్తయ్యాక లాపెల్‌ను వదిలేస్తే అది తనంతట తాను బట్ట వైపుకు వంగి నిలవాలి. ఇస్త్రీ పెట్టక ముందే వంగాలి సుమా, వంగకపోతే ఇస్త్రీ దాన్ని వంచుతుందని ఆశపడవద్దు.

ఆవిరి పని ఆ వంపును స్థిరపరచడం. ఉన్ని వేడికీ తడికీ మెత్తబడి, చల్లారి ఆరేటప్పుడు ఏ రూపంలో ఉంటే ఆ రూపాన్నే పట్టుకుంటుంది. తడి గుడ్డ వేసి, పెట్టెను జరపకుండా ఎత్తి ఎత్తి ఆనించు, జరిపితే బట్ట సాగుతుంది. డార్టు కొనలో మిగిలే చిన్న ఉబ్బును ఇస్త్రీ దిండు మీద పెట్టి ఇలాగే కుదించు. నడుము దగ్గర పక్క కుట్టును కాస్త సాగదీయి, ముందు అంచును మాత్రం కదలనీయవద్దు. లాపెల్ మడతను పైనుంచి గుండీకి రెండు మూడు అంగుళాలు ఉందనగా ఆపేయి, ఆ కింది భాగానికి పెట్టె తగలకూడదు, అక్కడ మడత పడకుండా దొర్లితేనే కాన్వాసు కోటు అని తెలుస్తుంది. ఆ తర్వాత దిండు మీద నుంచి తీయకు. చల్లబడితే ఆరినట్లు కాదమ్మా, కార్తీకంలో అయితే అసలే కాదు. నీకు తొందర ఎక్కువని చిన్నప్పటి నుంచీ తెలుసు, వేడివేడిగా ఎత్తి అద్దం ముందు పెట్టుకుంటావేమోనని నా బెంగ. అలా ఎత్తితే ఎత్తిన చేతి ఆకారమే బట్టకు మిగులుతుంది. ఒక భాగానికి ఆవిరి పట్టి ఆ పూటకు దాన్ని వదిలేసి, కోటు చేతుల పని చూసుకో.

ఫేసింగును లాపెల్ మొన దగ్గర రెండు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ పెట్టి కోసి, ఆ ఎక్కువను కచ్చా కుట్టుతో మొన మీదే నింపు. అది చాలకపోయినా మొన లేస్తుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం సులువే. మొన దగ్గర అంచు కుట్టు రెండంగుళాలు విప్పి చూడు. విప్పగానే లాపెల్ కిందికి ఒదిగితే ఫేసింగు బిగువైందన్నమాట, మళ్లీ కొంచెం వదిలి కుట్టుకుంటే సరిపోతుంది. విప్పినా లేచే ఉండి, అడుగు బట్టలో బుగ్గలు కనిపిస్తే అది కాన్వాసు రోగమే, దానికి ఇస్త్రీ మందు కాదు.

ఎడమ లాపెల్ ప్యాడింగు అయిన వెంటనే, ఫేసింగు వేయకముందే, దాన్ని మడవకుండా దిండు గలీబులో పెట్టుకుని ఒంగోలు నుంచి రైలెక్కి రా. ఇక్కడ కలిసి చూసిన తర్వాతే కుడిది మొదలుపెడుదువు. నా పాత చెక్కదిమ్మె, ఇస్త్రీ దిండు నీకోసం తీసి ఉంచాను. అత్తయ్య దిండు మీద కొత్త కోరా గుడ్డ తొడిగింది.

ఇట్లు,
మీ మామయ్య