మెయిన్ ఆపినా మీటరు లైటు మెరుస్తోందా?

ప్రశ్న: నల్లగొండలో మా ఇంట్లో వాడకం పెరగలేదు, కానీ యూనిట్లు రెట్టింపయ్యాయి. తప్పు మీటరుదా, వైరింగుదా?

ముందు బిల్లులోని రీడింగును మీటరు తెరపై kWh అని కనిపించే అంకెతో పోల్చండి. నమోదులో పొరపాటు ఉంటే అక్కడే తేలిపోతుంది.

అంకె సరిపోతే మెయిన్ స్విచ్ ఆపి, మీటరుపై మెరిసే లైటును పావుగంట గమనించండి. అప్పుడూ మెరుస్తుంటే లోపం మీటరులోనో, మీటరుకూ మెయిన్‌కూ మధ్య తీగలోనో ఉంది. మెరుపు ఆగితే సామాన్ల ప్లగ్గులన్నీ తీసి, లైట్లు, ఫ్యాన్ల స్విచ్‌లు, ఎంసీబీలన్నీ ఆపి, మెయిన్ వేసి, ఎంసీబీలను ఒక్కొక్కటిగా వేయండి. ఏది వేశాక మెరుపు మొదలైతే ఆ లైనును ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. బోరు ఉంటే స్టార్టరు దాకా మట్టిలోంచి వెళ్లే కేబులునే నేను మొదట అనుమానిస్తాను.

ఎక్కడా ఏమీ దొరకకపోతే మీటరునే పరీక్షించాలి. దానిపై 3200 imp/kWh అని ఉంటే యూనిట్‌కు 3200 మెరుపులన్నమాట. బకెట్ నీళ్లలో 1000 వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే నడిపితే నిమిషానికి దాదాపు 53 రావాలి. (స్విచ్ ఆపేదాకా ఆ నీళ్లు ముట్టుకోవద్దు.) వోల్టేజీని బట్టి పది అటూ ఇటూ కావచ్చు. 80 వస్తే మాత్రం మీటరు పరీక్ష కోరుతూ విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి.