స్టేపిస్ ఎముక బిగుసుకుపోతే ఆపరేషనా, వినికిడి మిషనా?

ప్రశ్న: "నాకు 29 ఏళ్లు. మూడేళ్లుగా ఎడమ చెవి మెల్లగా మందగిస్తోంది. చెవిలో చీము, నొప్పి ఏమీ లేవు. ఓటోస్క్లెరోసిస్ అని చెప్పి ఆపరేషన్ సూచించారు. చేయించుకోవాలా, మిషన్ పెట్టుకుంటే సరిపోతుందా?"

ముందుగా మీ వినికిడి పరీక్ష చార్టు అయిన ఆడియోగ్రామ్‌లో గాలి ద్వారా విన్న గీతకూ, ఎముక ద్వారా విన్న గీతకూ మధ్య ఎడం ఎంత ఉందో చూడండి. కర్ణభేరి వెనుక ఉండే మూడు చిన్న ఎముకల్లో చివరిదైన స్టేపిస్ కదులుతూ శబ్దాన్ని లోపలి చెవికి అందిస్తుంది. దాని అడుగుభాగం చుట్టూ కొత్త ఎముక పెరిగి బిగుసుకుపోతే, లోపలి చెవి బాగానే ఉన్నా శబ్దం దాన్ని సరిగా చేరదు; ఇదే ఓటోస్క్లెరోసిస్. ఎముక ద్వారా పంపిన శబ్దం నేరుగా లోపలి చెవికి చేరుతుంది కనుక, ఆ రెండు గీతల ఎడమే ఈ అడ్డంకి ఎంతో చెబుతుంది. లోపం కర్ణభేరి వెనుక ఉన్నందువల్లే చాలామందిలో కర్ణభేరి మామూలుగానే కనిపిస్తుంది.

నాకు ఇది ముప్పై దాటకముందే మొదలైంది. మా అమ్మగారికీ ఉంది. బస్సు రొదలో ఎదుటివారి మాట స్పష్టంగా వినిపించేది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాత్రం తడబడేదాన్ని. రొదలో అందరూ గొంతు పెంచి మాట్లాడతారు, ఆ రొద మాత్రం మన చెవికి తక్కువగా చేరుతుంది. నా కుడి చెవిలో గాలి గీత 55 డెసిబెళ్ల వద్ద, ఎముక గీత 15 వద్ద ఉండేవి. 2000 హెర్ట్జ్ దగ్గర ఎముక గీత కాస్త కిందికి దిగి ఉండటం చూసి నరం దెబ్బతిందేమోనని కంగారుపడ్డాను. స్టేపిస్ బిగుసుకున్నవారిలో ఆ పల్లం తరచుగా కనిపిస్తుందనీ, అది నిజమైన నరాల లోపం కాకపోవచ్చనీ వైద్యురాలు వివరించారు. ఆపరేషన్ తరువాత అది చాలావరకు పోయింది కూడా.

ఎడం 40 డెసిబెళ్లు ఉండటం వల్లనే నేను స్టేపిడోటమీకి ఒప్పుకున్నాను. అడుగుభాగంలో సన్నని రంధ్రం చేసి, మిల్లీమీటరులో సగం మందం ఉండే పిస్టన్‌ను అమర్చుతారు. మత్తు ఇంజెక్షన్ చెవి వరకే ఇచ్చినందున, పిస్టన్ కుదిరిన క్షణంలోనే సర్జన్ మాట నాకు స్పష్టమైంది. తరువాత కొన్నాళ్లు తల తిరిగింది, నాలుకకు ఒక వైపు లోహపు రుచి ఉండిపోయింది.

అయితే నూటికి సుమారు ఒకరికి ఆ చెవి పూర్తిగా వినికిడి కోల్పోయే ప్రమాదం ఉంది కనుక, ఎక్కువ మందగించిన చెవికే ముందు చేస్తారు. వినిపించే చెవి ఒక్కటే మిగిలి ఉంటే సాధారణంగా చేయరు. ఎడం 20 డెసిబెళ్లలోపే ఉంటే తొందరపడకుండా, ఏటా పరీక్ష చేయించుకుంటూ వేచి చూడటం మంచిదని నా అభిప్రాయం. మిషన్ ఎముకను వదులు చేయదు, కానీ లోపలి చెవి బాగున్నంతకాలం శబ్దాన్ని పెంచితే మాట చక్కగా అర్థమవుతుంది. మా అమ్మగారు దానితోనే ఉన్నారు. మీరు ఆపరేషన్ వైపు మొగ్గితే, అది అయ్యాక డాక్టరు అనుమతి ఇచ్చేదాకా ముక్కు గట్టిగా చీదవద్దు, విమానం ఎక్కవద్దు. ఆపరేషన్ తరువాత తల తిరగడం హఠాత్తుగా ఎక్కువైనా, వచ్చిన వినికిడి మళ్లీ తగ్గినా అదే రోజు వెళ్లి చూపించుకోండి.