వేయించిన మర్నాడే కాఫీ ఎందుకు రుచించదు?

"వేయించిన రెండో రోజే గింజలు చేతికొచ్చాయి. నీళ్లు పోయగానే పొడి విపరీతంగా పొంగుతోంది. కాఫీ మాత్రం పుల్లగా, చప్పగా ఉంటోంది. ఇంత తాజా గింజలకు ఈ రుచేమిటి?"

నేనూ ఆ పొంగు చూసే మోసపోయాను. మధ్యస్థంగా వేయించిన అరకు గింజలు పావు కిలో తెప్పించాను. ప్యాకెట్టు మీద వేయించిన తేదీ ముందురోజుదే. ఆ సాయంత్రమే 15 గ్రాములు పొడి చేసి, కాగితపు ఫిల్టరులో వేసి, ముందుగా 40 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోశాను. పొడి పూరీలా ఉబ్బి, బుడగలు చిట్లుతుంటే తాజాదనమంటే ఇదే అనుకున్నాను. తాగితే నాలుక మీద సోడా చురుకు, ఆ వెనక ఏమీ లేదు.

గింజ వేగేటప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అందులో చాలా భాగం గింజలోని సన్నని రంధ్రాల్లో చిక్కుకుని, రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తుంది. ఆలోగా పొడి చేసి వేడి నీళ్లు పోస్తే ఒక్కసారిగా తన్నుకొచ్చి, రేణువుల్లోకి దిగవలసిన నీళ్లను ఎదురు తోస్తుంది. నీళ్లు దారి దొరికిన చోట జారిపోతాయి. పులుపు ముందే కరిగిపోతుంది కాబట్టి కప్పులోకి వస్తుంది, తీపీ చిక్కదనమూ పొడిలోనే ఉండిపోతాయి.

అదే కొలతతో నాలుగో రోజు చేస్తే చురుకు తగ్గింది. ఎనిమిదో రోజుకు పొంగు సగమైంది, బెల్లం లాంటి తీపి మొదటిసారి తెలిసింది. పన్నెండో రోజు కప్పు అన్నిటికన్నా బాగుంది. నల్లగా వేయించిన గింజల్లో రంధ్రాలు ఎక్కువ, గ్యాసు త్వరగా పోతుంది, నాలుగైదు రోజులు చాలు. లేతగా వేయించినవైతే రెండు వారాలైనా ఆగాలి. ఎస్ప్రెసోకు ఇంకొన్ని రోజులు కలుపుకోండి.

మన ఇళ్లలో ఈ గొడవ పెద్దగా తెలియకపోవడానికి కారణం, కొట్లో పొడి పట్టించుకుని రావడమే. పొడి చేయగానే గ్యాసులో చాలా భాగం అక్కడే ఎగిరిపోతుంది. మీకు ఆగే ఓపిక లేని రోజున ఇదే ఉపాయం: పొడి చేసి 20 నిమిషాలు వదిలేయండి, మొదటి నీళ్లు పోశాక 30 సెకన్లకు బదులు నిమిషం ఆగండి. పూర్తిగా నయం కాదు, తాగేలా ఉంటుంది.

గ్యాసు త్వరగా పోతుందని ప్యాకెట్టు తెరిచి పెట్టకండి, పరిమళమూ దానితోనే పోతుంది. గ్యాసును బయటికి మాత్రమే వదిలే చిన్న కవాటం ఆ ప్యాకెట్టుకు ఉంటే అందులోనే ఉంచండి.

రెండు వారాలు దాటాక పొంగు తగ్గినా రుచి చప్పగానే ఉంటే, పొడి ఇంకాస్త సన్నగా చేసి చూడండి. అప్పటికీ మారకపోతే లోపం వేయించడంలో ఉండొచ్చు, అలాగైతే ఇక ఎన్నాళ్లు ఆగినా ఆ గింజలు బాగుపడవు.