ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్‌లో కరెంటు ఎక్కడిది?

ప్రశ్న: సార్, నేను ఈసీఈ ఫైనలియర్. ఫిజికల్ డిజైన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, "థ్రెషోల్డ్ వోల్టేజీ 100 మిల్లీవోల్టులు తగ్గిస్తే లీకేజీ ఎన్ని రెట్లవుతుంది, ఎందుకు?" అని అడిగారు. గేటు వోల్టేజీ థ్రెషోల్డ్ దాటకపోతే కరెంటు సున్నా అనే చదువుకున్నాను. ఇంటికొచ్చి ఎన్‌జీస్పైస్‌లో చేసి చూసినా దాదాపు సున్నానే వచ్చింది. ఈ ఉద్యోగానికి డివైజ్ ఫిజిక్స్ నిజంగా కావాలా? టూల్స్ కోర్సు చేస్తే చాలదా?

జవాబు: కావాలి. అయితే డివైజ్ ఫిజిక్స్ పుస్తకమంతా అక్కర్లేదు. గేటు వోల్టేజీకీ డ్రెయిన్ కరెంటుకీ మధ్య ఉన్న ఒక్క గీత బాగా అర్థమైతే ఈ ఉద్యోగంలో చాలా దూరం వెళ్తారు.

ముందు మీ సిమ్యులేషన్ సంగతి. మీరు వాడింది బహుశా లెవెల్ 1 మోడల్ అయ్యుంటుంది. థ్రెషోల్డ్ కింద కరెంటు సున్నా అని ఆ మోడల్ సమీకరణంలోనే రాసి ఉంటుంది. అంటే క్లాసులో చెప్పిన పాఠాన్నే సిమ్యులేటర్ మీకు తిరిగి అప్పజెప్పింది.

అసలు జరిగేది వేరు. ఎన్‌మాస్‌లో సోర్స్ నిండా ఎలక్ట్రాన్లు ఉంటాయి. సోర్స్‌కీ ఛానెల్‌కీ మధ్య ఒక శక్తి అడ్డుగోడ ఉంటుంది. ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకే శక్తి ఉండదు. వేడి వల్ల కొన్నింటికి ఎక్కువ, చాలావాటికి తక్కువ. గోడను దాటగల శక్తి ఉన్నవి కొద్దిగానే ఉన్నా, అసలు లేకుండా మాత్రం పోవు. అవి గోడ దాటి, ఛానెల్‌లో వ్యాపించుకుంటూ డ్రెయిన్ చేరతాయి. గేటు వోల్టేజీ పెంచితే గోడ ఎత్తు తగ్గుతుంది. గోడ కొంచెం తగ్గినా దాటేవాటి సంఖ్య రెట్లలో పెరుగుతుంది. లీకేజీ అనగానే వాషర్ అరిగిన కుళాయిని పోలిక చెబుతుంటారు. నాకది నచ్చదు. అరిగిన కుళాయి పాడైనట్టు లెక్క. ఇక్కడ ఏదీ పాడవలేదు, ట్రాన్సిస్టర్ స్వభావమే అంత.

అందుకే ఈ కరెంటును లాగ్ స్కేలు మీద గీస్తే థ్రెషోల్డ్ కింద భాగం వాలుగా, తిన్నని గీతలా కనిపిస్తుంది. కరెంటు పది రెట్లు పెరగడానికి గేటు మీద ఎన్ని మిల్లీవోల్టులు కావాలో అదే సబ్‌థ్రెషోల్డ్ స్వింగ్, S. స్లోప్ అని కూడా అంటారు.

```
S = 2.303 * n * kT/q
n = 1 + Cdep/Cox
```

గది ఉష్ణోగ్రతలో kT/q దాదాపు 26 మిల్లీవోల్టులు. కాబట్టి n విలువ 1 అయితే S దాదాపు 60 మిల్లీవోల్టులు. మామూలు మాస్‌ఫెట్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర ఇంతకంటే తగ్గదు. నిజానికి గేటు మీద ఇచ్చిన వోల్టేజీ అంతా ఛానెల్ ఉపరితలానికి చేరదు. కొంత ఆక్సైడ్ మీద, మిగతాది డిప్లీషన్ పొర మీద పంచుకుపోతుంది. అందుకే n విలువ 1 కంటే ఎక్కువే ఉంటుంది. అది 1.5 అయితే S 90 అవుతుంది. ఫిన్‌ఫెట్‌లో గేటు మూడు వైపుల నుంచీ ఛానెల్‌ని పట్టుకుంటుంది కాబట్టి 60కి దగ్గరగా రాగలదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. W, L సమానంగా ఉన్న ట్రాన్సిస్టర్‌లో 100 నానోయాంపియర్లు వచ్చే గేటు వోల్టేజీనే థ్రెషోల్డ్ అనుకుందాం. S 90 మిల్లీవోల్టులు. థ్రెషోల్డ్ 0.45 వోల్టులైతే గేటు సున్నాకి దిగేసరికి అయిదు సార్లు పదో వంతు అవుతుంది. అంటే 1 పికోయాంపియర్ మిగులుతుంది. థ్రెషోల్డ్ 0.27కి తెస్తే మూడు సార్లే పదో వంతవుతుంది, 100 పికోయాంపియర్లు మిగులుతాయి. గీత వాలు మారలేదు. గీత మొత్తం ఎడమకు జరిగింది, అందుకని గేటు సున్నా దగ్గర అది ఎత్తులో తగులుతోంది. ఈ మాట చెబుతూ కాగితం మీద రెండు సమాంతర గీతలు గీస్తే చాలు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

మరి తగ్గించడం ఎందుకు? వేగం కోసం. 0.8 వోల్టుల సప్లైలో థ్రెషోల్డ్ 0.45 అయితే పని చేయడానికి మిగిలేది 0.35 వోల్టులే. 0.27 అయితే 0.53 మిగులుతుంది. 1974లో డెనార్డ్, ఆయన సహచరులు చెప్పిన సూత్రం ప్రకారం కొలతలతో పాటు వోల్టేజీలూ తగ్గుతూ పోవాలి. కానీ kT/q మనం చెప్పినట్టు వినదు. ట్రాన్సిస్టర్ ఎంత చిన్నదైనా గది ఉష్ణోగ్రత అదే. థ్రెషోల్డ్ తగ్గింపు ఎక్కువ దూరం సాగకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

మీ ఉద్యోగంలో ఇది కనిపించేది సెల్ పేరు చివర. ఒకే నాండ్ గేటు ఎల్‌వీటీ, ఎస్‌వీటీ, హెచ్‌వీటీ అని, అంటే వరసగా తక్కువ, మామూలు, ఎక్కువ థ్రెషోల్డ్‌తో, మూడు రకాలుగా ఉంటుంది. టైమింగ్ ఫెయిలైన పాత్‌లో హెచ్‌వీటీ తీసి ఎల్‌వీటీ పెడతారు. వెసులుబాటు ఉన్న పాత్‌లలో తిరిగి హెచ్‌వీటీకి మారుస్తారు, దాన్నే లీకేజీ రికవరీ అంటారు. టూల్స్ కోర్సులో ఆ కమాండ్ నేర్పుతారు. కానీ ఎల్‌వీటీ శాతం కొంచెమే పెరిగినా లీకేజీ రిపోర్టు ఎందుకు ఉలిక్కిపడిందో మాత్రం ఈ గీతే చెప్పాలి.

ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. కౌన్సెలింగ్‌కి రాకముందు డిజైన్‌లో పని చేసిన రోజుల్లో, ఒక బ్లాక్ లీకేజీని 25 డిగ్రీల దగ్గర చూసి ఓకే అనేశాను. వేడి కార్నర్‌లో చూసిన సీనియర్ పిలిచి రిపోర్టు నా ముందు పెట్టారు. మన లెక్కతోనే చూడండి. 27 నుంచి 110 డిగ్రీలకు పోతే S 90 నుంచి 115 అవుతుంది. థ్రెషోల్డ్ డిగ్రీకి ఒక మిల్లీవోల్టు చొప్పున తగ్గిందనుకుంటే 0.27 కాస్తా 0.187 అవుతుంది. 100 పికోయాంపియర్లు దాదాపు 2.4 నానోయాంపియర్లవుతాయి, అంటే 24 రెట్లు. వాలు పడుకుంటుంది, థ్రెషోల్డూ దిగుతుంది, రెండు దెబ్బలూ ఒకేసారి.

ఈ వారం ఒక పని చేయండి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల పీటీఎం మోడల్ ఫైలు, 45 నానోమీటర్లది, సంపాదించి ఇది నడపండి. `nmos` స్థానంలో మీ ఫైల్లో ఉన్న మోడల్ పేరు రాయాలి.

```
* Id-Vg
.include 45nm.pm
M1 d g 0 0 nmos W=1u L=45n
Vd d 0 0.05
Vg g 0 0
.options gmin=1e-15
.temp 27
.dc Vg 0 1 0.01
.control
run
plot abs(i(Vd)) ylog
.endc
.end
```

`gmin` లైను మర్చిపోవద్దు. డిఫాల్టుగా అది 1e-12 ఉంటుంది. లీకేజీ చిన్నదైన చోట ఆ కృత్రిమమైన వాహకతే కరెంటుగా కనిపించి మోసం చేస్తుంది. గీత తిన్నగా ఉన్న చోట, ఒకదానికొకటి పది రెట్లున్న రెండు కరెంట్లు చూసుకుని వాటి గేటు వోల్టేజీల తేడా తీయండి. అదే S. థ్రెషోల్డ్ దగ్గర గీత వంగే చోట కొలిస్తే S తప్పుగా, ఎక్కువగా వస్తుంది. తర్వాత `.temp 110` పెట్టి మళ్లీ కొలవండి. `Vd`ని 1 చేస్తే గీత ఎడమకు జరుగుతుంది. డ్రెయిన్ కూడా గోడను కిందికి లాగుతోందన్నమాట, దీన్నే డీఐబీఎల్ అంటారు. గేటును మైనస్‌లోకి తీసుకెళ్తే కరెంటు తగ్గకుండా మళ్లీ పైకి లేస్తే మాత్రం అది సబ్‌థ్రెషోల్డ్ కాదు, గేటు వల్ల డ్రెయిన్ అంచున పుట్టే వేరే లీకేజీ. దాన్ని దీనితో కలిపి చెప్పకండి.

మిమ్మల్ని అడిగిన ప్రశ్నకు మొదట మీరే ఎదురు అడగాలి: "S ఎంత సార్? ఏ ఉష్ణోగ్రత దగ్గర?" 90 అంటే, 10ని 100/90 ఘాతానికి వేస్తే దాదాపు 13 రెట్లు. 70 అంటే దాదాపు 27 రెట్లు. వాలు నిటారుగా ఉన్న మంచి ట్రాన్సిస్టర్‌లోనే థ్రెషోల్డ్ తగ్గిస్తే రెట్లు ఎక్కువ రావడం మీకు వింతగా అనిపించవచ్చు. ఎందుకో ఆ రెండు గీతలూ గీసి చూసుకోండి, అక్కడే మీ తర్వాతి ప్రశ్న వస్తుంది.